ప్లేట్‌లెట్లు పడిపోతే రక్తం ఎందుకు గడ్డకట్టింది?

ప్రశ్న: మా నాయినకు 64 ఏండ్లు. పొలం గట్టు మీద జారిపడి తుంటి బొక్క విరిగితే నల్లగొండల ఆపరేషన్ చేయించినం. రక్తం గడ్డకట్టకుండ అని మొదటి రోజు నుంచే పొట్టకు హెపారిన్ సూదులు ఇచ్చిన్రు. ప్లేట్‌లెట్లు మొదట్ల 2.40 లక్షలు, ఆపరేషన్ అయినంక 1.80, అయిదో రోజు 2.60 ఉండె. ఆరో రోజు ఇంటికి పంపిన్రు. ఇంటికాడ ఆర్‌ఎంపీ రోజుకో ఎనాక్సాపరిన్ సూది ఇచ్చిండు. తొమ్మిదో రోజు ఎడమ కాలు ఉబ్బింది. రక్తపరీక్ష చేస్తే 78 వేలే ఉన్నయి. డెంగీ లేదని వచ్చింది. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తరని హైదరాబాద్ తీసుకపోతే, అక్కడ ఎక్కియ్యం అన్నరు. కాలుల గడ్డ ఉందని, హెపారిన్ పడక ఇట్ల అయిందని చెప్పి వేరే మందు డ్రిప్‌ల పెట్టిన్రు. ఇప్పుడు ఇంటికాడ ఉన్నడు, ప్లేట్‌లెట్లు 1.12 లక్షలు. రివరాక్సబాన్ 15 మి.గ్రా. గోలీ రెండు పూటల వేస్తున్నం. ఇది పిరం, వార్ఫరిన్‌కు మారుండ్రి అని మందుల షాపాయన అంటున్నడు. ప్లేట్‌లెట్లు తక్కువైతే రక్తం కారాలె గదా, గడ్డ ఎట్ల కట్టింది? ఎక్కియ్యకపోవుడు సరైందేనా? ఆ సూది మళ్లా ఎప్పుడన్న ఇయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: ముందు రక్తం పలచబరిచే వార్ఫరిన్ గోలీ సంగతి, అది ఆగేది కాదు. ఇప్పుడు మారకండి. ప్లేట్‌లెట్లు 1.50 లక్షలు దాటి, అక్కడే నిలకడగా ఉన్నాయని రిపోర్టు చూసి డాక్టరు చెప్పేదాకా వార్ఫరిన్ గానీ, అదే జాతికి చెందిన ఎసినోకౌమరాల్ గానీ ఒక్క గోలీ కూడా వేయొద్దు. ఈ జబ్బులో తొందరపడి ఆ మందుకు మారితే కాలి వేళ్లు నల్లబడి తీసేయాల్సి వచ్చే ప్రమాదం ఉంది. ఎందుకో కింద వివరంగా రాస్తాను. ప్లేట్‌లెట్లు ఎక్కించకపోవడం మాత్రం నూటికి నూరు పాళ్లు సరైన నిర్ణయం.

మన దగ్గర వానకాలం వచ్చిందంటే ప్రతి ఊర్లో ప్లేట్‌లెట్ల లెక్క వినపడుతుంది. డెంగీ పుణ్యమా అని ఆ మాట తెలియని ఇల్లు లేదు. అంకె పడిపోతే రక్తం కారుతుంది, ఎక్కించాలి, లేదంటే బొప్పాయి ఆకు రసం తాగించాలి అనే ఆలోచన అందరిలో పాతుకుపోయింది. అందుకే 78 వేలు అని చూడగానే మీకు గుండె జారింది. కానీ ప్లేట్‌లెట్ల అంకె ఎంత ఉందన్న దానికంటే అవి ఎటు పోయాయన్నది ముఖ్యం. డెంగీలో ఎముకల మూలుగ వాటిని సరిగా తయారు చేయదు, ఉన్నవి కూడా త్వరగా నశిస్తాయి. మీ నాయినకు వచ్చిన జబ్బులో మూలుగ బాగానే పని చేస్తోంది. తయారైన ప్లేట్‌లెట్లు రక్తనాళాల లోపలే రెచ్చిపోయి, ఒకదానికొకటి అతుక్కుని, గడ్డల్లో కలిసిపోయాయి. అంకె తగ్గడం, గడ్డ కట్టడం రెండు వేర్వేరు రోగాలు కావు. ఒకే పని రెండు చోట్ల కనపడుతోంది, ఒకటి ల్యాబ్ రిపోర్టులో, ఇంకొకటి ఎడమ కాల్లో.

దీన్ని డాక్టర్లు హెపారిన్ ఇండ్యూస్డ్ థ్రాంబోసైటోపీనియా అంటారు, పొట్టిగా హెచ్‌ఐటీ. ఇది మొదలయ్యేది ప్లేట్‌లెట్ లోపల దాగి ఉండే ఒక చిన్న ప్రొటీన్‌తో. దాని పేరు ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4, అంటే పీఎఫ్4. ప్లేట్‌లెట్ రెచ్చినప్పుడల్లా ఇది బయటికి వస్తుంది. దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా రక్తంలో దీని మోతాదు పెరుగుతుంది. పీఎఫ్4 మీద ధనావేశం చాలా ఎక్కువ. హెపారిన్ పొడవైన చక్కెర గొలుసు, దాని మీద అంతా రుణావేశమే. రెండూ ఎదురుపడగానే గట్టిగా అతుక్కుంటాయి. ఒక్క పొడవాటి హెపారిన్ గొలుసుకు ఎన్నో పీఎఫ్4లు దారానికి పూసలు గుచ్చినట్టు దగ్గర దగ్గరగా చేరతాయి. అలా ఒత్తుకుని కూర్చున్నప్పుడు పీఎఫ్4 ఆకారం కొంచెం మారిపోతుంది. మన ఒంట్లో పుట్టిన ప్రొటీనే అయినా, ఆ మారిన రూపాన్ని రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా చూస్తుంది. దాని మీద ఐజీజీ రకం యాంటీబాడీలు తయారు చేస్తుంది. అంటే ఆ యాంటీబాడీలు ఒట్టి హెపారిన్ మీద వచ్చినవి కావు, ఒట్టి పీఎఫ్4 మీదా కావు. రెండూ కలిసిన ముద్ద మీద వచ్చినవి. మామూలు మందుల అలర్జీకి, దీనికి అసలు తేడా ఇక్కడే ఉంది. సూది వేయగానే దద్దుర్లు రావు, దురద ఉండదు. యాంటీబాడీలు తయారవడానికి అయిదు రోజులు పడుతుంది, అప్పటిదాకా అంతా సవ్యంగానే కనపడుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. యాంటీబాడీకి రెండు చేతులు, ఒక తోక ఉంటాయి. చేతులతో తనకు కావలసిన దాన్ని పట్టుకుంటుంది, తోక ఖాళీగా బయటికి ఉంటుంది. పీఎఫ్4, హెపారిన్ కలిసిన ముద్ద పెద్దది కాబట్టి దాన్ని ఒకేసారి చాలా యాంటీబాడీలు పట్టుకుంటాయి. అప్పుడు వాటి తోకలన్నీ ఒకే చోట గుంపుగా చేరతాయి. ప్లేట్‌లెట్ పొర మీద సరిగ్గా ఆ తోకలను పట్టుకునే గ్రాహకం ఒకటి ఉంది, దాని పేరు ఎఫ్‌సీ గామా 2ఏ. ఒక్క తోక వచ్చి తగిలితే దానికేమీ పట్టదు. గుంపుగా వచ్చి తగిలితే మాత్రం ఆ గ్రాహకాలు ఒక దగ్గరికి చేరి, ‘గాయమైంది, లే’ అన్నంత గట్టి సంకేతాన్ని ప్లేట్‌లెట్ లోపలికి పంపుతాయి. ప్లేట్‌లెట్ ఆకారం మార్చుకుని జిగటగా మారుతుంది, పక్కవాటికి అంటుకుంటుంది, లోపలి సరుకంతా బయటికి వదులుతుంది. ఆ సరుకులో మళ్లీ పీఎఫ్4 ఉంటుంది. అది ఇంకొంత హెపారిన్‌తో కలుస్తుంది, ఇంకొన్ని యాంటీబాడీలు వచ్చి పట్టుకుంటాయి, ఇంకొన్ని ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి. ఈ చక్రం తనను తానే తిప్పుకుంటూ పోతుంది.

ప్లేట్‌లెట్లు అతుక్కోవడంతోనే ఆగితే నష్టం ఇంత ఉండేది కాదు. రెచ్చిన ప్లేట్‌లెట్ నుంచి అతి చిన్న తునకలు ఊడి రక్తంలోకి వస్తాయి. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు కూర్చుని పని చేసుకోవడానికి ఆ తునకల ఉపరితలం సరిగ్గా సరిపోతుంది. అదే సమయంలో మోనోసైట్లనే తెల్లకణాలను కూడా ఈ ముద్దలే రెచ్చగొడతాయి, అవి టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌ను బయటపెడతాయి. గడ్డకట్టే పనికి నిప్పు అంటించేది అదే. ఈ రెండూ కలిసి థ్రాంబిన్ కుప్పలు తెప్పలుగా తయారవుతుంది. థ్రాంబిన్ ఫైబ్రిన్ పోగులను అల్లుతుంది, గడ్డను గట్టిపరుస్తుంది, ఇంకా మిగిలిన ప్లేట్‌లెట్లను కూడా రెచ్చగొడుతుంది. ఈ జబ్బు వైద్యం అంతా చివరికి థ్రాంబిన్‌ను ఎలా ఆపాలన్న దాని చుట్టే తిరుగుతుంది.

మరి 1.82 లక్షల ప్లేట్‌లెట్లు ఎటు పోయాయి? కొన్ని గడ్డల్లో ఇరుక్కున్నాయి. మిగతా రెచ్చినవాటిని, యాంటీబాడీలు అంటుకున్నవాటిని ప్లీహం, కాలేయం రక్తం నుంచి ఏరి తీసేశాయి. ల్యాబ్ యంత్రం లెక్కపెట్టేది చేతి నరం నుంచి తీసిన రక్తంలో తిరుగుతున్న వాటినే. కాల్లో గడ్డగా కూర్చున్నవి ఆ లెక్కలోకి రావు. 1958లో అమెరికాలో వైజ్‌మన్, టోబిన్ అనే సర్జన్లు హెపారిన్ ఇస్తుండగానే ధమనుల్లో గడ్డలు వచ్చిన రోగుల గురించి మొదటిసారి రాశారు. అవి ఎర్రగా కాక లేత రంగులో ఉన్నాయి. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని తెల్లగడ్డల జబ్బు అని కూడా పిలిచారు, ఎందుకంటే వాటి నిండా ప్లేట్‌లెట్లే. గడ్డ కట్టకుండా ఇచ్చే మందే గడ్డ కట్టిస్తుందంటే అప్పట్లో డాక్టర్లకూ నమ్మబుద్ధి కాలేదు. యాంటీబాడీలు పట్టుకునేది పీఎఫ్4, హెపారిన్ ముద్దనేనని తేలింది 1992లో.

యాంటీబాడీల వల్ల ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బు ఇంకొకటుంది, ఐటీపీ. అందులో రక్తం కారుతుంది. అక్కడ యాంటీబాడీ తన చేతులతోనే ప్లేట్‌లెట్‌ను పట్టుకుంటుంది, ప్లీహం దాన్ని గుర్తుపట్టి మింగేస్తుంది. ప్లేట్‌లెట్ నిశ్శబ్దంగా పోతుంది, పోయేముందు దేన్నీ రెచ్చగొట్టదు. హెచ్‌ఐటీలో యాంటీబాడీ తన తోకతో ప్లేట్‌లెట్‌ను తడుతుంది. చేతితో పట్టడానికి, తోకతో తట్టడానికి మధ్య ఉన్న ఆ తేడా వల్లే ఒక జబ్బులో రక్తం కారుతుంది, ఇంకొక జబ్బులో గడ్డ కడుతుంది. ఐటీపీలో అంకె తరచూ 10 వేలకో అంతకన్నా కిందికో పడిపోతుంది. హెచ్‌ఐటీలో మామూలుగా 40 నుంచి 80 వేల మధ్య ఆగుతుంది, 20 వేల కంటే కిందికి పోవడం అరుదు. రక్తస్రావం కూడా అరుదే. ఇలాంటప్పుడు బయటి నుంచి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రెచ్చిపోవడానికి కొత్త సరుకు అందించినట్టే అవుతుంది. నిజంగా రక్తం కారుతుంటేనో, రక్తస్రావం ప్రమాదం ఎక్కువున్న ప్రొసీజర్ తప్పనిసరిగా చేయాల్సి వస్తేనో మాత్రమే ఎక్కిస్తారు. అంకె తక్కువుందన్న ఒక్క కారణంతో ఎక్కించరు.

మీరు పంపిన అంకెలు ఈ జబ్బును ఎంత బాగా చూపిస్తున్నాయో చూడండి. హెపారిన్ మొదలైన రోజును సున్నా అనుకుందాం. ఆపరేషన్ తర్వాత 1.80 లక్షలకు దిగింది, అది అందరికీ జరిగేదే. రక్తం పోవడం, సెలైన్ ఎక్కించడం, గాయం మానడానికి ప్లేట్‌లెట్లు ఖర్చు కావడం దానికి కారణాలు. అందులో భయపడాల్సింది లేదు. తర్వాత మూలుగ పుంజుకుని అయిదో రోజుకు 2.60 లక్షలకు తెచ్చింది, ఇదీ మామూలే. లెక్కకు తీసుకోవాల్సింది ఈ పై అంకెను. చాలామంది ఆపరేషన్‌కు ముందున్న అంకెతోనో, ల్యాబ్ కాగితం మీద అచ్చయిన 1.50 లక్షల హద్దుతోనో పోల్చి చూస్తారు. అది సరిపోదు. 2.60 లక్షల నుంచి 78 వేలకు వచ్చిందంటే నూటికి డెబ్బై వంతులు పోయినట్టు. ఏడో రోజున ఎవరైనా పరీక్ష చేయించి ఉంటే, ఉదాహరణకు 1.40 లక్షలు కనపడి ఉంటే, ‘కొంచెమే తక్కువ, పర్వాలేదు’ అని పక్కన పెట్టేవారు. కానీ అప్పటికే అది నూటికి నలభై ఆరు వంతుల పతనం. హెచ్‌ఐటీని పట్టుకోవాల్సింది అంకెతో కాదు, ఎంత వంతు పడిందన్న దానితో.

డాక్టర్లు అనుమానాన్ని తూచడానికి నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు, ఒక్కో దానికి 0 నుంచి 2 మార్కులు. ప్లేట్‌లెట్లు సగానికి పైగా పడ్డాయి, అయినా 20 వేల కిందికి పోలేదు, అందుకు 2. పడింది అయిదు నుంచి పది రోజుల మధ్యలో, అందుకు 2. కాల్లో కొత్త గడ్డ డాప్లర్ స్కాన్‌లో తేలి ఉంటుంది, అందుకు 2. చివరిది, వేరే కారణం ఏదైనా ఉందా అన్నది. డెంగీ లేదని తేలింది. అయినా ఆపరేషన్ సమయంలో వాడిన యాంటీబయాటిక్‌ల వల్ల కూడా ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు కాబట్టి గట్టిగా 2 ఇవ్వకుండా 1 ఇద్దాం. మొత్తం 7. నాలుగు, అయిదు మధ్యస్థం, ఆరు, ఆపైన వస్తే అనుమానం చాలా బలమైనది. మూడు, అంతకన్నా తక్కువ వస్తే దాదాపుగా ఈ జబ్బు కాదనే అర్థం. ఈ మార్కులు వేయడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, వరుసగా ఉన్న సీబీసీ రక్తపరీక్ష కాగితాలు చాలు. అందుకే పాత రిపోర్టులు పారేయకుండా తేదీలతో సహా దాచడం మంచిది.

ఇలాంటి బలమైన అనుమానం ఉన్నప్పుడు పరీక్ష ఫలితం కోసం ఆగకూడదు. పీఎఫ్4 యాంటీబాడీల ఎలైజా పరీక్ష అన్ని ఊర్లలో చేయరు, శాంపిల్ హైదరాబాద్‌లాంటి చోటికి పోవాలి, ఫలితం రావడానికి సమయం పడుతుంది. ఈలోపే వైద్యం మార్చాలి, మీ విషయంలో అదే చేశారు. మీ దగ్గర ఆ రిపోర్టు ఉంటే అందులో ఓడీ అనే అంకె చూడండి. 0.4 దాటితే పాజిటివ్ అంటారు, కానీ 0.5, 0.6 లాంటి అంకెలకు పెద్ద విలువ లేదు. ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టలేని యాంటీబాడీలు కూడా ఈ పరీక్షలో పట్టుబడతాయి. అంకె 2 దాటిందంటే అసలు జబ్బే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మీ నాయిన ఎనాక్సాపరిన్‌కు మారాక జబ్బు బయటపడిందంటే ఆ రెండో సూది కారణమా అన్న అనుమానం మీకు రావచ్చు. యాంటీబాడీలు తయారవడం మొదలైంది మామూలు హెపారిన్‌తోనే అయి ఉంటుంది. ఎనాక్సాపరిన్ కూడా హెపారినే, గొలుసును పొట్టిగా కత్తిరించి చేసింది. పొట్టి గొలుసుకు పీఎఫ్4లు తక్కువగా, వదులుగా చేరతాయి కాబట్టి ఒంటరిగా వాడితే దీంతో హెచ్‌ఐటీ రావడం మామూలు హెపారిన్‌తో కంటే దాదాపు పదింతలు తక్కువ. కానీ ఒకసారి యాంటీబాడీలు తయారై ఉంటే అవి ఎనాక్సాపరిన్‌తో ఏర్పడిన ముద్దను కూడా గుర్తుపడతాయి. అందుకే హెచ్‌ఐటీ వచ్చిందని తెలిశాక ‘హెపారిన్ ఆపి ఎనాక్సాపరిన్ ఇద్దాం’ అనడం తప్పు. ఫోండాపారినక్స్ అనే సూది మాత్రం వేరు. అందులో అయిదే చక్కెర ముక్కలు ఉంటాయి, అంత పొట్టి దానికి పీఎఫ్4లను గుంపుగా చేర్చే శక్తి దాదాపుగా లేదు. కిడ్నీలు బాగుంటే దాన్ని వాడతారు.

మన జిల్లాల్లో ఈ జబ్బు దొరక్కుండా తప్పించుకునే దారి కూడా మీ ఉత్తరంలోనే కనపడుతోంది. ఆపరేషన్ అయిన వాళ్లను అయిదారు రోజులకు ఇంటికి పంపేస్తారు. సూదులు మాత్రం ఇంకో వారం, పది రోజులు ఊర్లోనే కొనసాగుతాయి. జబ్బు బయటపడే కాలం అయిదో రోజు నుంచి పదో రోజు దాకా. అంటే సరిగ్గా చూసేవాళ్లు లేని రోజుల్లోనే అది వస్తుంది. ఆర్‌ఎంపీల తప్పని అనను, సూది ఇయ్యమని చీటీ మీద రాసి ఉంటుంది, ప్లేట్‌లెట్లు చూడమని ఎవరూ రాసి ఉండరు. పెద్ద ఆపరేషన్ తర్వాత హెపారిన్ లేదా ఎనాక్సాపరిన్ పడుతున్నవాళ్లకు నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, లేదా సూదులు ఆపేదాకా, రెండు మూడు రోజులకోసారి సీబీసీ చేయించాలన్నది మంచి పద్ధతి. దేవరకొండలోనో, మిర్యాలగూడలోనో ఏ చిన్న ల్యాబ్ అయినా దీన్ని చేస్తుంది. డిశ్చార్జి రోజునే, ‘సార్, ఏ రోజు సీబీసీ చేయించాలి, ఎంతకు పడితే ఫోన్ చేయాలి’ అని అడిగి చీటీ మీద రాయించుకోండి. గత నెల రోజుల్లో ఎప్పుడైనా హెపారిన్ పడి ఉంటే, స్టెంట్ వేసినప్పుడో, డయాలసిస్‌లోనో, అది కూడా చెప్పాలి. అలాంటివాళ్ల రక్తంలో యాంటీబాడీలు ముందే ఉండొచ్చు కాబట్టి అయిదు రోజులు ఆగకుండా మొదటి రోజే ప్లేట్‌లెట్లు కుప్పకూలొచ్చు.

హెపారిన్ ఆపేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. సూది ఆపినా యాంటీబాడీలు రక్తంలో ఉంటాయి, రెచ్చిన చక్రం వెంటనే ఆగదు. పైగా రక్తనాళాల గోడల మీద, ప్లేట్‌లెట్ల మీద హెపారిన్‌ను పోలిన చక్కెర గొలుసులు సహజంగానే ఉన్నాయి, పీఎఫ్4 వాటిని పట్టుకుని కూడా యాంటీబాడీలను పిలవగలదు. వేరే మందు పెట్టకుండా ఒట్టిగా హెపారిన్ ఆపి ఊరుకుంటే వచ్చే నెల రోజుల్లో దాదాపు సగం మందిలో కొత్త గడ్డ వస్తుంది. అందుకే అదే రోజు హెపారిన్ కాని వేరే మందు మొదలుపెడతారు. మీకు డ్రిప్‌లో పెట్టింది ఆర్గాట్రోబానో బైవాలిరుడినో అయి ఉంటుంది, రెండూ నేరుగా థ్రాంబిన్‌నే అడ్డుకుంటాయి. అలాగే ఆపడమంటే సూదులు ఆపడం ఒక్కటే కాదు. చేతికి పెట్టిన క్యాన్యులా మూసుకుపోకుండా కడిగే హెపారిన్ ఫ్లష్, హెపారిన్ పూత పూసిన కాథెటర్, డయాలసిస్ గొట్టాల్లో వాడే హెపారిన్, అన్నీ ఆపాలి. ఫ్లష్‌లో ఉండే కాస్త మోతాదు కూడా చక్రాన్ని తిప్పుతూనే ఉంచుతుంది. ఎక్కడైనా చేర్పించినప్పుడు నర్సుకు ముందుగా ఈ మాట చెప్పండి, క్యాన్యులా కడగడానికి ఉత్త సెలైన్ చాలు.

రివరాక్సబాన్ గురించి. కాల్లో గడ్డ ఉన్నప్పుడు 15 మి.గ్రా. రెండు పూటలా మూడు వారాలు, ఆ తర్వాత 20 మి.గ్రా. రోజుకొక్కటి. కనీసం మూడు నెలలు వాడతారు, గడ్డను బట్టి ఆరు నెలల దాకా పోవచ్చు. ఈ మోతాదుల్లో గోలీని అన్నంతో పాటే వేయాలి, ఖాళీ కడుపుతో వేస్తే మందు పూర్తిగా ఒంటికి పట్టదు. మూడు వారాలు ఏ తేదీకి నిండుతాయో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత కూడా రెండు పూటలా వేస్తే రక్తం కారే ప్రమాదం, ముందే తగ్గిస్తే గడ్డ పెరిగే ప్రమాదం. తుంటి నొప్పి ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు డైక్లోఫెనాక్ గోలీ ఇస్తారు, లేదా పిరుదుకు సూది పొడుస్తారు. రివరాక్సబాన్ నడుస్తున్నంతకాలం అవి రెండూ వద్దు. కడుపులో రక్తం కారొచ్చు, సూది పొడిచిన చోట కండలో రక్తం గూడు కట్టొచ్చు. నొప్పికి పారాసిటమాల్ వాడండి. కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, ఒకసారి చూపించండి, ఈ మందు కొంత భాగం కిడ్నీల ద్వారానే పోతుంది.

ఇక వార్ఫరిన్ ఎందుకు వద్దన్నానో. కాలేయంలో గడ్డ కట్టించే ప్రొటీన్లతో పాటు, గడ్డను అదుపులో ఉంచే ప్రొటీన్ సి కూడా తయారవుతుంది. వార్ఫరిన్ రెండింటి తయారీనీ ఆపుతుంది. కానీ ప్రొటీన్ సి ఏడెనిమిది గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది. థ్రాంబిన్‌కు ముడిసరుకైన ప్రోథ్రాంబిన్ దాదాపు రెండున్నర రోజుల దాకా సగం మిగిలే ఉంటుంది. అంటే మొదటి రెండు మూడు రోజులు వార్ఫరిన్ గడ్డను ఆపకపోగా, గడ్డను అడ్డుకునే కాపలాను ముందుగా తీసేస్తుంది. మామూలు మనిషిలో ఆ రెండు రోజులు పెద్దగా ఇబ్బంది ఉండదు. హెచ్‌ఐటీ చల్లారని మనిషిలో థ్రాంబిన్ అప్పటికే పొంగుతూ ఉంటుంది కాబట్టి అతి సన్నని నరాల్లో రక్తం గడ్డకట్టి, కాలి వేళ్లు, పాదం నల్లబడతాయి. మోసం చేసేది రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష. అది 4 దాటి చూపిస్తుంది, రక్తం బాగా పలచబడిందని అనుకుంటారు, పాదంలో నాడి కూడా తగులుతుంది. వేళ్లు మాత్రం కుళ్లిపోతుంటాయి. పొరపాటున ఎవరైనా ఇప్పటికే ఒకటి రెండు గోలీలు వేసి ఉంటే దాచకండి, వెంటనే ఆస్పత్రికి పోండి. విటమిన్ కె ఇచ్చి దాని ప్రభావాన్ని తిప్పేస్తారు. ప్లేట్‌లెట్లు 1.50 లక్షలు దాటి నిలబడ్డాక ఖర్చు నిజంగా భారమైతే వార్ఫరిన్‌కు మారొచ్చు. అప్పుడు కూడా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కొన్ని రోజులు పాత మందు కూడా కలిపే నడిపి, ఐఎన్‌ఆర్ చూస్తూ మార్చాలి. అది డాక్టరు చేసే పని. పైసల ఇబ్బంది ఉందని మీ డాక్టరుకు నేరుగా చెప్పండి. రివరాక్సబాన్‌కు జనరిక్ రకాలు ఉన్నాయి, అదే మందు తక్కువ ధరకు రాసివ్వమని అడగొచ్చు.

వచ్చే పది రోజులు రెండు మూడు రోజులకోసారి సీబీసీ చేయించండి. 1.12 లక్షలు అంటే దారిలో ఉన్నారు, అది పెరుగుతూ పోవాలి. మళ్లీ కిందికి దిగితే, అది ఎంత తక్కువ దిగినా, అదే రోజు హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ చేయండి. ఎక్కడో ఇంకా హెపారిన్ పోతుండాలి, లేదా జబ్బు చల్లారలేదు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి వస్తే కాల్లోని గడ్డ ఊపిరితిత్తులకు పోయి ఉండొచ్చు. కాలు చల్లబడి పాలిపోయినా, వేళ్లు నీలంగా మారినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, పొట్ట మీద సూదులు పొడిచిన చోట చర్మం నల్లబడినా ఒక్క రాత్రి కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోండి. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా అది మందు వల్ల రక్తం కారడం, దానికీ వెంటనే చూపించాలి. కుడి కాలికి కూడా డాప్లర్ చేశారా అని అడగండి. ఈ జబ్బులో గడ్డ ఉన్నా వాపు కనపడని కాలు కూడా ఉంటుంది.

హెపారిన్ మళ్లీ ఎప్పుడైనా ఇయ్యొచ్చా అన్నారు. ఈ యాంటీబాడీలు జీవితాంతం ఉండవు. ఎక్కువమందిలో మూడు నెలలు, అటూ ఇటూగా వంద రోజుల్లో రక్తం నుంచి మాయమవుతాయి. అప్పటిదాకా చుక్క కూడా ముట్టకూడదు. ఆ తర్వాత కూడా మామూలు అవసరాలకు వేరే మందులే వాడాలి. ఒక్క మినహాయింపు గుండె ఆపరేషన్. గుండె, ఊపిరితిత్తుల యంత్రం మీద పెట్టి చేసే ఆపరేషన్‌కు హెపారిన్ అంత నమ్మకమైన మందు ఇంకోటి లేదు. అలాంటి అవసరం పడితే, పీఎఫ్4 యాంటీబాడీలు లేవని పరీక్షలో తేల్చుకుని, ఆపరేషన్ జరిగినంతసేపు మాత్రమే హెపారిన్ ఇచ్చి, తర్వాత వేరే మందుకు మారతారు. కొన్ని గంటల వాడకంతో కొత్త యాంటీబాడీలు వెంటనే తయారై దాడి చేయవు. ఇవన్నీ అప్పుడు చూసే డాక్టరుకు తెలియాలంటే ఈ సంగతి ఆయన చేతికి అందాలి. ఒక చిన్న అట్ట మీద పేరు, ‘హెపారిన్ వల్ల హెచ్‌ఐటీ వచ్చింది, హెపారిన్, ఎనాక్సాపరిన్, హెపారిన్ ఫ్లష్ వద్దు’ అన్న మాట, నెల, సంవత్సరం, 2.60 లక్షల నుంచి 78 వేలకు పడిన అంకెలు, పీఎఫ్4 పరీక్ష ఓడీ విలువ రాయించండి. దాన్ని ఆధార్ కార్డుతో పాటు ఆయన జేబులోనే ఉంచండి, ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.